క్లాడోగ్రామ్‌లో ఏ రెండు జాతులు దగ్గరి చుట్టాలు? వేలు పెట్టి తేల్చే పద్ధతి

ఓసారి క్లాసులో బోర్డు మీద ఏడు జంతువుల క్లాడోగ్రామ్, అంటే ఏ జాతి దారి ఎక్కడ విడిపోయిందో చూపే చెట్టు బొమ్మ గీసి, "ఎలుకకు దగ్గరి చుట్టం కప్పా, పావురమా?" అని అడిగాను. చాలామంది కప్ప అన్నారు. ముందు బెంచీలో కూర్చున్న అబ్బాయి లేచి కారణం కూడా చెప్పాడు: "ఎలుక నుంచి కప్ప దగ్గరికి వెళ్లాలంటే రెండు నోడ్‌లు దాటితే చాలు సార్. పావురం దగ్గరికి వెళ్లాలంటే మూడు దాటాలి." లెక్కలో తప్పు లేదు. జవాబు మాత్రం తప్పు. అతను లెక్కపెట్టకూడనిది లెక్కపెట్టాడు.

ఆ రోజు గీసిన బొమ్మ ఇదే. ఇక్కడి నుంచి చివరిదాకా దీనితోనే నడుద్దాం.

```
  ┌──────────────────── ట్యూనా
 1┤
  │  ┌───────────────── లంగ్‌ఫిష్
  └─2┤
     │  ┌────────────── కప్ప
     └─3┤
        │  ┌─────────── ఎలుక
        └─4┤
           │  ┌──────── బల్లి
           └─5┤
              │  ┌───── మొసలి
              └─6┤
                 └───── పావురం
```

కుడివైపు చివర ఉన్నవన్నీ ఇప్పుడు బతికున్న జంతువులు. లంగ్‌ఫిష్ అంటే ఊపిరితిత్తులున్న చేప. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల్లో కలిపి ఈ రకం చేపలు ఆరు జాతులే మిగిలాయి. అంకె వేసిన ప్రతి చోటూ ఒక నోడ్, అంటే చెరుకు గడకు కణుపు లాంటిది. ఒకప్పుడు అక్కడ ఒక పూర్వీక జాతి ఉండేది, అది రెండుగా చీలింది అని దాని అర్థం. ఎడమవైపు చివర ఉన్న 1 అన్నిటికన్నా పాతది, అదే ఈ బొమ్మకు వేరు. నోడ్‌లకు అంకెలు వేయడం నా అలవాటు. పుస్తకాల బొమ్మల్లో చాలాసార్లు అంకెలుండవు. పెన్సిల్‌తో మీరే వేసుకుంటే సగం గందరగోళం అక్కడే తగ్గుతుంది.

ఇంకో సంగతి ముందే చెప్పుకుంటే మంచిది. నోడ్ 3 దగ్గర ఉన్నది కప్ప కాదు. కప్పకూ, ఎలుకకూ, పావురానికీ అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక పాత జాతి అది. "కప్ప నుంచి ఎలుక వచ్చింది" అని ఈ బొమ్మ ఎక్కడా చెప్పడం లేదు. చివరల్లో ఉన్నవేవీ ఒకదానికొకటి తాతముత్తాతలు కావు, అన్నీ ఈ కాలపువే.

## మొదటి అడుగు: వేరు ఎటుందో చూడండి

ఇది మరీ చిన్న పనిలా కనిపిస్తుంది కానీ వదిలేయకండి. పై బొమ్మలో వేరు ఎడమన ఉంది. కొన్ని బొమ్మల్లో కింద ఉంటుంది, కొన్నిట్లో పైన. గుండ్రంగా గీసిన వాటిలో మధ్యలో ఉంటుంది. జాతుల పేర్లు ఎటున్నాయో చూస్తే దానికి ఎదురు దిక్కే వేరు. వేరు వైపు వెళ్తే పాత కాలంలోకి, పేర్ల వైపు వస్తే ఈ కాలంలోకి. ఇకమీదట మనం చూసే కాలం దిశ ఇదొక్కటే. పైనుంచి కిందికి పేర్లు ఏ వరసలో ఉన్నాయన్నదానికి కాలంతో సంబంధం లేదు.

## రెండో అడుగు: రెండు వేళ్లు పెట్టి వెనక్కి నడవండి

ఒక వేలు ఎలుక మీద, ఇంకో వేలు కప్ప మీద పెట్టండి. రెండు వేళ్లనూ గీత వెంబడే వేరు వైపు జరపండి. ముందుకు రావద్దు, పక్క కొమ్మలోకి దూకవద్దు. ఎలుక మీద పెట్టిన వేలు 4కు వస్తుంది, అక్కడి నుంచి 3కు వస్తుంది. కప్ప మీద పెట్టిన వేలు నేరుగా 3కే వస్తుంది. రెండూ మొదటిసారి కలిసింది 3 దగ్గర. ఎలుకకూ కప్పకూ అన్నిటికన్నా ఇటీవలి ఉమ్మడి పూర్వీకుడు అదే.

"మొదటిసారి" అన్న మాట ముఖ్యం. వేళ్లను ఇంకా వెనక్కి జరిపితే 2 దగ్గరా కలిసే ఉంటాయి, 1 దగ్గరా కలిసే ఉంటాయి. అవి కూడా ఆ రెండు జంతువులకూ ఉమ్మడి పూర్వీకులే. మనకు కావలసింది వాటిలో చివరిది, అంటే ఇప్పటి కాలానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది.

ఇప్పుడు అదే పని ఎలుకకూ పావురానికీ చేయండి. పావురం మీది వేలు 6, 5, 4 మీదుగా వస్తుంది. ఎలుక మీది వేలు ఒక్క అడుగులోనే 4కు వస్తుంది. కలిసిన చోటు 4.

## మూడో అడుగు: కలిసిన చోట్లలో ఏది ఇటీవలిదో చూడండి

ఎలుక, కప్ప కలిసింది 3 దగ్గర. ఎలుక, పావురం కలిసింది 4 దగ్గర. వేరు నుంచి ఎలుక దాకా ఒకే దారి ఉంది: 1, 2, 3, 4, ఎలుక. ఈ దారిలో 3 ముందు వస్తుంది, 4 తరవాత వస్తుంది. అంటే 4 దగ్గరి చీలిక 3 దగ్గరి చీలిక కన్నా తరవాత జరిగింది. కాబట్టి ఎలుకకు పావురమే దగ్గరి చుట్టం.

మరి ఆ అబ్బాయి లెక్క ఎందుకు దెబ్బతింది? ఇంట్లోవాళ్లతో పోల్చి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. మీ పెదనాన్న ఉన్నారు, మీ తమ్ముడి మునిమనవడు ఉన్నాడు అనుకోండి. మీ నుంచి పెదనాన్న దగ్గరికి వెళ్లాలంటే నాన్న, తాత, అక్కడి నుంచి పెదనాన్న. మూడే అడుగులు. తమ్ముడి మునిమనవడి దగ్గరికి వెళ్లాలంటే నాన్న, తమ్ముడు, అతని కొడుకు, మనవడు, మునిమనవడు. ఐదు అడుగులు. అడుగులు ఎక్కువే అయినా, ఆ మునిమనవడూ మీరూ కలిసేది మీ నాన్న దగ్గర. పెదనాన్నా మీరూ కలిసేది తాత దగ్గర. తాత కన్నా నాన్న ఇటీవలివాడు. అవతలి కొమ్మలో తరవాత ఎన్ని తరాలు పుట్టినా కలిసిన చోటు మారదు.

క్లాడోగ్రామ్‌లోనూ అంతే. 4 నుంచి పావురం వరకు మధ్యలో 5, 6 కనిపించడానికి కారణం, ఆ వైపు నుంచి బల్లినీ మొసలినీ కూడా బొమ్మలో చేర్చడం. ఆ రెండిటినీ తీసేసి మళ్లీ గీస్తే ఆ నోడ్‌లు మాయమవుతాయి. పావురం, ఎలుకల చుట్టరికం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. గీసేవాళ్ల ఇష్టాన్ని బట్టి మారే అంకెతో చుట్టరికం కొలవలేం.

లంగ్‌ఫిష్‌తో ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. లంగ్‌ఫిష్ నుంచి ట్యూనాకు రెండే నోడ్‌లు: 2, 1. లంగ్‌ఫిష్ నుంచి పావురానికి ఐదు: 2, 3, 4, 5, 6. పైగా లంగ్‌ఫిష్, ట్యూనా రెండూ చేపలే, రెండూ నీళ్లలోనే ఉంటాయి, బొమ్మలోనూ పక్కపక్కనే ఉన్నాయి. కానీ వేళ్లు పెట్టి చూస్తే లంగ్‌ఫిష్, పావురం కలిసేది 2 దగ్గర. లంగ్‌ఫిష్, ట్యూనా కలిసేది 1 దగ్గర. లంగ్‌ఫిష్‌కు ట్యూనా కన్నా పావురమే దగ్గర. మొదటిసారి విన్నవాళ్లెవరూ నమ్మరు. నేనూ నమ్మలేదు.

## మూడు జతల పరీక్ష

జవాబు వచ్చాక అది సరైనదో కాదో చూసుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. మూడు జాతులు తీసుకుంటే మూడు జతలు వస్తాయి. ఎలుక, కప్ప, పావురం తీసుకుందాం.

ఎలుక, కప్ప కలిసేది 3 దగ్గర.
పావురం, కప్ప కలిసేది 3 దగ్గర.
ఎలుక, పావురం కలిసేది 4 దగ్గర.

రెండు జతలకు ఒకే నోడ్ వచ్చింది, మూడో జతకు దానికన్నా ఇటీవలి నోడ్ వచ్చింది. వేరు ఉండి, ప్రతి నోడ్ దగ్గరా రెండు కొమ్మలే చీలే ఏ బొమ్మలోనైనా, ఏ మూడు జాతులకైనా ఇలాగే రావాలి. మూడు జతలకు మూడు వేర్వేరు నోడ్‌లు వచ్చాయంటే మీ వేలు ఎక్కడో పక్క కొమ్మలోకి జారింది. వేరుగా వచ్చిన ఆ ఒక్క నోడ్, మిగతా రెండు జతల నోడ్ కన్నా పాతదిగా తేలినా తప్పు చేసినట్టే. ఇది తెలిశాక నాకు జవాబు పత్రాలు దిద్దడం కూడా సులువైంది. మూడు జతలూ కలిపి చూస్తే చాలు, పిల్లలు ఎక్కడో జారారని తెలిసిపోతుంది.

సమానంగా వచ్చిన రెండు జతలు కూడా ఒక మాట చెబుతాయి. కప్పకు ఎలుక ఎంత దగ్గరో పావురమూ అంతే దగ్గర. మొసలీ అంతే, బల్లీ అంతే. బొమ్మలో ఎలుక కప్ప పక్కనే ఉంది కదా అని దాన్ని కొంచెం ఎక్కువ దగ్గర అనుకోవడానికి లేదు. "కప్పకు దగ్గరి చుట్టం ఎవరు?" అని అడిగి ఎలుక, బల్లి అని రెండు ఆప్షన్లు ఇస్తే, ఆ ప్రశ్నే తప్పు.

## బొమ్మను తిప్పి గీస్తే

పక్కపక్కన ఉండటానికి విలువ లేదని ఎలా నమ్మడం? ప్రతి నోడ్‌నూ ఒక బోల్టు అనుకోండి. దాని నుంచి వెళ్లే రెండు కొమ్మలను పైది కిందికీ, కిందిది పైకీ తిప్పవచ్చు. ఏది ఎవరితో ఎక్కడ కలుస్తుందో ఏమీ మారదు. మన బొమ్మలో ఆరు నోడ్‌లున్నాయి. ఒక్కోదాన్ని రెండు రకాలుగా పెట్టవచ్చు కాబట్టి ఇదే చుట్టరికాన్ని 64 రకాలుగా గీయవచ్చు. అన్నీ సరైనవే.

వాటిలో ఒకదాన్ని చూద్దాం. 2నూ 3నూ తిప్పితే పేర్ల వరస పైనుంచి ఇలా వస్తుంది: ట్యూనా, ఎలుక, బల్లి, మొసలి, పావురం, కప్ప, లంగ్‌ఫిష్. ఇప్పుడు ట్యూనా పక్కన ఎలుక ఉంది, లంగ్‌ఫిష్ అటు చివరకు పోయింది. కప్ప పక్కన పావురం వచ్చింది. వేళ్లు పెట్టి చూడండి, ఎలుక, కప్ప మళ్లీ 3 దగ్గరే, ఎలుక, పావురం మళ్లీ 4 దగ్గరే కలుస్తాయి.

కంప్యూటర్లో చెట్లు దాచుకునే న్యూయిక్ అనే రాత పద్ధతిలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అందులో బొమ్మ ఉండదు, బ్రాకెట్లే ఉంటాయి. ఒక్కో బ్రాకెట్ జత ఒక్కో నోడ్. పాత బొమ్మ, తిప్పిన బొమ్మ ఇలా ఉంటాయి:

```
(ట్యూనా,(లంగ్‌ఫిష్,(కప్ప,(ఎలుక,(బల్లి,(మొసలి,పావురం))))));
(ట్యూనా,(((ఎలుక,(బల్లి,(మొసలి,పావురం))),కప్ప),లంగ్‌ఫిష్));
```

ఇక్కడ వేళ్ల పని బ్రాకెట్లు చేస్తాయి. మీకు కావలసిన రెండు పేర్లూ లోపల ఉండే అతి చిన్న బ్రాకెట్ జతను వెతకండి. అదే వాటి ఇటీవలి ఉమ్మడి పూర్వీకుడు. ఎలుక, పావురాలు ఇమిడే చిన్న బ్రాకెట్‌లో రెండు వరసల్లోనూ ఉన్నది ఎలుక, బల్లి, మొసలి, పావురం మాత్రమే. కప్ప అందులో లేదు. ఎలుకతో పాటు కప్ప కూడా రావాలంటే ఇంకా పెద్ద బ్రాకెట్ కావాలి.

## అసలు చిక్కు: ఒకే దారిలో లేని నోడ్‌లు

ఇప్పటిదాకా ఒక జంతువును పట్టుకుని, దానికి మిగతా రెండిట్లో ఏది దగ్గరో చూశాం. ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఇబ్బంది ఉండదు. ఎలుక పూర్వీకులందరూ వేరు నుంచి ఎలుక దాకా ఉన్న ఒకే దారిలో ఉంటారు, ఒకే దారిలో ఉన్న రెండు నోడ్‌లలో ఏది ముందో ఏది తరవాతో చూడగానే తెలుస్తుంది.

కానీ పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న వేరు: "ఈ క్లాడోగ్రామ్‌లో అన్నిటికన్నా ఇటీవలి ఉమ్మడి పూర్వీకుడు ఏ రెండు జాతులకు ఉన్నాడు?" మన మొదటి బొమ్మలో దీనికి జవాబుంది. 1 నుంచి 6 దాకా నోడ్‌లన్నీ ఒకే గొలుసులో ఉన్నాయి. 6 చివరిది. కాబట్టి మొసలి, పావురం. మొసలికి బల్లి కన్నా పావురం దగ్గర అన్నది కూడా ఇందులోనే వచ్చేసింది.

ఇప్పుడు ఎలుకను తీసేసి, ఆ చోట మనిషినీ చింపాంజీనీ పెడదాం. ట్యూనా, లంగ్‌ఫిష్‌లను కూడా పక్కన పెడితే బొమ్మ ఇలా ఉంటుంది:

```
  ┌──────────────────── కప్ప
 3┤
  │     ┌────────────── మనిషి
  │  ┌─7┤
  └─4┤  └────────────── చింపాంజీ
     │  ┌────────────── బల్లి
     └─5┤
        │  ┌─────────── మొసలి
        └─6┤
           └─────────── పావురం
```

అదే ప్రశ్న మళ్లీ అడిగితే చాలామంది వెంటనే మొసలి, పావురం అంటారు. 6 పేర్లకు దగ్గరగా ఉంది, 7 ఇంకా వెనక ఉంది, కాబట్టి 6 ఇటీవలిది అని వాళ్ల తర్కం. నిజానికి మనిషి, చింపాంజీల దారులు విడిపోయింది సుమారు 60–70 లక్షల ఏళ్ల కిందట. మొసళ్ల వైపు, పక్షుల వైపు దారులు విడిపోయింది సుమారు 24 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు రంగం మీదికి రాబోతున్న రోజుల్లో. తేడా ముప్పై రెట్లకు పైనే. బొమ్మ మాత్రం తారుమారుగా చూపిస్తోంది.

బొమ్మ అబద్ధం చెప్పలేదు. మనం దాన్ని అడగకూడనిది అడిగాం. మామూలు క్లాడోగ్రామ్‌లో గీత పొడవుకు అర్థం లేదు. 7ను 4 పక్కనే గీయాలా, పేర్ల దగ్గరికి జరపాలా అన్నది గీసేవాళ్ల ఇష్టం, కాగితంలో చోటు. 7 నుంచి వేరు వైపు నడిస్తే 6 తగలదు. 6 నుంచి నడిచినా 7 తగలదు. రెండూ 4 దగ్గర కలుస్తాయి. ఆ రెండూ 4 కన్నా తరవాతివని మాత్రమే బొమ్మ చెబుతుంది. వాటిలో ఏది ముందో చెప్పదు. మీ పిల్లలు ముందు పుట్టారా, మీ పెదనాన్న మనవలు ముందు పుట్టారా అన్నది వంశవృక్షంలో గీతలు చూసి చెప్పలేనట్టే ఇది.

కాబట్టి రెండు నోడ్‌లను పోల్చేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఒకదాని నుంచి వేరు వైపు నడిస్తే రెండోది తగులుతుందా? తగిలితే, తగిలింది పాతది, బయల్దేరింది ఇటీవలిది. తగలకపోతే బొమ్మ ఆకారం నుంచి జవాబు రాదు. అప్పుడు బొమ్మ అడుగున కాలం స్కేలు ఉందేమో చూడాలి. స్కేలు మీద కోట్ల ఏళ్లో లక్షల ఏళ్లో వేసి, నోడ్‌లను ఆ కాలానికి సరిపోయేలా పెట్టిన చెట్లు ఉంటాయి. వాటిలోనైతే ఏ రెండు నోడ్‌లనైనా స్కేలు మీదికి దించి పోల్చవచ్చు. ఇంకో రకం చెట్లలో గీత పొడవు డీఎన్ఏలో ఎంత మార్పు వచ్చిందో చూపుతుంది. అది కాలం కాదు. కొన్ని జీవుల్లో డీఎన్ఏ త్వరగా మారుతుంది, కొన్నిట్లో మెల్లగా మారుతుంది. అందుకే ఆ బొమ్మల్లో పేర్లు ఒకే వరసలో ఆగకుండా ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ ఉంటాయి. స్కేలు కింద ఏం రాసి ఉందో చదవకుండా పొడవులు పోల్చకండి.

పరీక్షలో ఇలాంటి బొమ్మ వచ్చి, కాలం స్కేలు లేకపోతే ఏం రాయాలి? ఆప్షన్లలో ఇచ్చిన జతలను మాత్రమే తీసుకోండి. వాటి నోడ్‌లు ఒకే దారిలో ఉంటే టెన్షన్ లేదు. ఆప్షన్లలో మనిషి–చింపాంజీ, మనిషి–బల్లి, బల్లి–పావురం, కప్ప–మొసలి ఇచ్చారనుకోండి. నోడ్‌లు వరసగా 7, 4, 5, 3. ఇక్కడ 7కూ 5కూ పోలిక కుదరదు కాబట్టి ప్రశ్న తయారుచేసినవాళ్లు పొరపాటు పడ్డారు. సాధారణంగా వాళ్ల మనసులో ఉండేది మధ్యలో ఇంకెవరూ లేకుండా ఒకే నోడ్ నుంచి నేరుగా చీలిన జత. అందుకే మనిషి–చింపాంజీ పెట్టి ముందుకు వెళ్లండి. రాతపరీక్ష అయితే ఒక వాక్యంలో, "7, 5 నోడ్‌లు ఒకే దారిలో లేవు కాబట్టి ఈ బొమ్మ ఆధారంగా పోల్చలేం" అని రాస్తే దిద్దేవాళ్లకు మీకు విషయం తెలిసిందని అర్థమవుతుంది.

## జవాబు రాని మరో రెండు బొమ్మలు

ఒక నోడ్ నుంచి రెండుకు బదులు మూడు కొమ్మలు బయల్దేరితే ఆ మూడిటిలో ఎవరెవరు దగ్గరో బొమ్మ చెప్పడం లేదు. 5 దగ్గర బల్లి, మొసలి, పావురం మూడూ ఒకే చోట నుంచి చీలినట్టు గీసి ఉంటే, మూడు జతలకూ ఒకే నోడ్ వస్తుంది. ఇందాకటి మూడు జతల పరీక్షలో ఇది ఒక్కటే మినహాయింపు. చాలావరకు దాని అర్థం ఆధారాలు చాలలేదనే. మూడూ ఒకేసారి విడిపోయాయని కాదు. పేర్ల వరసలో మధ్యనున్న దాన్ని చూసి ఊహించి చెప్పకండి.

రెండోది, వేరు లేని బొమ్మ. పక్కకు వాలిన హెచ్ అక్షరంలా ఉంటుంది. ఒక వైపు రెండు చివరల్లో మొసలి, పావురం, మరో వైపు రెండు చివరల్లో ఎలుక, కప్ప ఉన్నాయనుకోండి. చూడగానే ఎలుక, కప్ప ఒక జత అనిపిస్తుంది. కానీ వెనక్కి నడవడానికి వెనక ఏదో తెలియదు. వేరును మధ్య గీత మీద పెడితే ఎలుక, కప్ప నిజంగానే జత అవుతాయి. కప్ప కొమ్మ మీద పెడితే కప్ప బయటికి పోయి, ఎలుక మొసలి–పావురాలతో చేరుతుంది. వేరు ఎక్కడో తేల్చడానికి ఈ నాలుగిటికీ బయటిదని ముందే తెలిసిన జంతువును, ఇక్కడ ట్యూనా లాంటిదాన్ని కలిపి చెట్టు మళ్లీ కట్టిస్తారు. ట్యూనా వచ్చి కప్ప కొమ్మకు అతుక్కుంటుంది, వేరు అక్కడని తెలుస్తుంది. అది తెలిసేదాకా ఉమ్మడి పూర్వీకుడి గురించి మాట్లాడటానికి లేదు.

## ఏటవాలు గీతలు, అడ్డగీతలు

పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఏటవాలు బొమ్మ. కింద ఎడమ మూల నుంచి పై కుడి మూలకు ఒక పొడవాటి గీత, దాని నుంచి పైకి చీలిన చిన్న గీతలు. పొడవు గీత చివర పావురం ఉందని, ఆ గీత మొత్తం పావురానిదేనని, మిగతావి దాని నుంచి ఊడిపడ్డాయని పిల్లలు అనుకుంటారు. చిన్న గీత పొడవు గీతను తాకే ప్రతి చోటా ఒక చుక్క పెట్టి అంకె వేయండి. ఆ చుక్కలే నోడ్‌లు. రెండు చుక్కల మధ్య ఉన్న గీత ఆ చుక్కల తరవాత ఉన్నవాళ్లందరికీ ఉమ్మడిది, పావురం ఒక్కదానిదే కాదు. ఆఖరి చుక్క దాటాకే పావురం సొంత గీత మొదలవుతుంది.

గీతల మీద అక్కడక్కడ చిన్న అడ్డగీతలు వేసి "నాలుగు కాళ్లు", "ఈకలు" అని రాస్తారు. అవి నోడ్‌లు కావు. ఆ లక్షణం ఆ కొమ్మ మీద ఎక్కడో పుట్టిందని చెప్పే గుర్తులు. మన మొదటి బొమ్మలో నాలుగు కాళ్ల గుర్తు 2కూ 3కూ మధ్య ఉంటుంది. పిండం చుట్టూ ఉమ్మనీటి పొర ఏర్పడే లక్షణం 3కూ 4కూ మధ్య. ఈకలు 6 తరవాత పావురం కొమ్మ మీద. వేళ్లు నడిపేటప్పుడు వీటి మీద ఆగకూడదు, వీటిని లెక్కపెట్టకూడదు.

లక్షణాల జాబితా చూసి చుట్టరికం ఊహించేవాళ్లకు రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఎలుకకూ పావురానికీ వెచ్చని రక్తం ఉంది, మొసలికి లేదు. అయినా మొసలే పావురానికి దగ్గర, ఎందుకంటే ఆ వెచ్చదనం రెండు కొమ్మల్లో విడివిడిగా వచ్చింది. ట్యూనాకూ లంగ్‌ఫిష్‌కూ మొప్పలు, ఈదే రెక్కలు ఉన్నాయి. అవి 1 కన్నా ముందునుంచీ ఉన్న పాత ఆస్తి. పావురం వైపు వాళ్లు దాన్ని మార్చుకున్నారు, ఈ రెండూ ఉంచుకున్నాయి. పాత ఆస్తి ఇద్దరి దగ్గరా మిగిలినంత మాత్రాన వాళ్లిద్దరే దగ్గరి చుట్టాలైపోరు.

## బొమ్మలో లేనివాళ్లు

చివరగా, "మొసలి, పావురం అన్నిటికన్నా దగ్గర" అన్న జవాబులో చెప్పకుండా వదిలేసిన మాట ఒకటి ఉంది: ఈ ఏడిట్లో. టైరనోసారస్‌ను బొమ్మలో చేరిస్తే అది 6 తరవాత పావురం కొమ్మ మీద కొత్త నోడ్‌తో వచ్చి కూర్చుంటుంది, పావురానికి దగ్గరి చుట్టం అదే అవుతుంది. పిచ్చుకను చేరిస్తే టైరనోసారస్ కూడా వెనక్కి పోతుంది. ఎవరిని చేర్చినా 6 మాత్రం కదలదు. మొసలికి పావురం ఎంత దగ్గరో పిచ్చుకా, టైరనోసారస్సూ అంతే దగ్గర.